జనరేటర్ యూనిట్ అసలెంత పడుతోంది? ఒక రొయ్యల పంట లెక్క

ఫిబ్రవరి, చెరువులకు నీళ్లు పెడుతున్న రోజులు

భీమవరం వైపు మావి అయిదు చెరువులు, ఒక్కోటి ఎకరం, వెనామీ రొయ్య. గట్టుకు అవతల బాబాయివి రెండు చెరువులు. కరెంటు పోయినప్పుడు నీళ్లలో గాలి కలిపే మా ఏరేటర్లు జనరేటర్ మీద తిరుగుతాయి. బాబాయి దగ్గర మాత్రం ఒక పాత డీజిల్ ఇంజను ఉంది, అదీ సగం రాత్రులు మొరాయిస్తుంది. వచ్చే పంట నుంచి మా జనరేటర్ సెట్టు నుంచే లైను లాక్కుంటానన్నాడు. "యూనిట్‌కి ఎంత పడుతుందో లెక్క కట్టి చెప్పరా, పైసలతో సహా ఇచ్చేస్తా" అన్నాడు.

అడిగింది చిన్న ప్రశ్నే. కానీ మా ఇంట్లోనే మూడు జవాబులున్నాయి. నాన్న 25 అంటారు, డీజిల్ తెచ్చే కుర్రాడు 40 అంటాడు, మా ఆడిటర్ గారు పుస్తకాల్లో వేసిన లెక్క ప్రకారం చూస్తే ఇంకో అంకె వస్తుంది. అందుకని ఈ వేసవి పంట మొత్తం కొలిచి రాద్దామని మొదలుపెట్టాను. ఈ పంట లెక్క తేలాక, వచ్చే పంటకి బాబాయి లైను కలుపుదామని మాట.

సెట్టు 62.5 కేవీఏ. 0.8 పవర్ ఫ్యాక్టర్ మీద 50 కిలోవాట్లు. ప్యానల్, దిమ్మ, ఎర్తింగ్, కేబుల్ అన్నీ కలిపి 7,20,000 అయింది. చెరువుకు నాలుగు చొప్పున 2 హెచ్‌పీ పాడిల్ వీల్ ఏరేటర్లు ఇరవై. మొత్తం తిరుగుతున్నప్పుడు లోడు 31 కిలోవాట్లు. గవర్నమెంటు కరెంటు ఆక్వా రైతుకు 2019లో యూనిట్ రూపాయిన్నర చేశారు కాబట్టి, జనరేటర్ యూనిట్ ఎంత పడినా దాని పక్కన పెట్టి చూసుకోవడంలో అర్థం లేదు. రొయ్య పెద్దదయ్యాక తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుక్కి వెళ్తుంది. ఆ టైములో గంట కరెంటు లేకపోతే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు యూనిట్ రేటు ఎవరూ అడగరు.

మార్చి మొదట్లో: కొలిచే ఏర్పాటు

యూనిట్ ఖర్చు అంటే పైన రూపాయలు, కింద యూనిట్లు. కింది అంకె తప్పితే పైన ఎంత జాగ్రత్తగా రాసినా దండగే. అందుకని ముందు మీటరు సంగతి చూశాను. సెట్టుతో వచ్చిన కంట్రోలర్ యూనిట్లు చూపిస్తుంది గానీ, బాబాయికి నమ్మకం కలగాలంటే విడిగా ఒక మీటరు ఉండాలి. మూడు ఫేజుల మీటరు, తీగల్లో పోయే కరెంటును తగ్గించి మీటరుకు చూపించే 100/5 సీటీలు పెట్టించాం. ఆ సీటీలకు మీటరు రీడింగును 20తో గుణించాలి.

డీజిల్ కొలవడమే అసలు పని. ట్యాంకులో పుల్ల పెట్టి చూస్తే కుదరదు. బేస్ ట్యాంకు వెడల్పుగా ఉంటుంది, పుల్ల మీద ఒక సెంటీమీటరు తేడా అంటే లోపల కొన్ని లీటర్లు. అందుకని ఇంజనుకు వెళ్లే పైపుని ట్యాంకు నుంచి తప్పించి, ఒక డీజిల్ క్యాన్‌లో పెట్టాం. మేత బస్తాలు తూచే కాటా మీద ఆ క్యాన్ నిలబెట్టాం. మెకానిక్ ఒక్క పైపే మార్చబోతుంటే రెండోదీ మార్చమన్నాను. ఇంజను తాగినదానికంటే ఎక్కువ డీజిల్ పంపు లాగుతుంది, మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. ఆ రిటర్న్ పాత ట్యాంకులోకే పోతుంటే, క్యాన్‌లో తగ్గిందంతా ఇంజను తాగేసినట్టు కనిపిస్తుంది. "మా సెట్టు లీటరుకు రెండు యూనిట్లే ఇస్తోంది" అనేవాళ్లలో కొందరి లెక్క ఇలాగే చెడి ఉంటుంది.

ఇంకోటి, పైపు కొస క్యాన్ అడుగున మునిగి ఉండాలి. పైకి తేలితే గాలి లాగేసి ఇంజను ఆగిపోతుంది. మళ్లీ చేతి పంపు కొట్టి, గాలి తీసి స్టార్ట్ చేసుకోవాలి. రొయ్య చిన్నగా ఉన్నప్పుడే, పట్టపగలు, కరెంటు ఉన్న టైములో ఈ పరీక్ష చేయడానికి కారణం అదే.

మొదటిసారి అరగంట తిప్పితే కాటా మీద 3.87 కిలోలు తగ్గింది. డీజిల్ లీటరుకు సుమారు 0.83 కిలో కాబట్టి 4.66 లీటర్లు. మీటరు మాత్రం 5.2 యూనిట్లే తిరిగింది. అంటే లీటరుకు 1.1 యూనిట్. ఆ అంకె చూడగానే మీటరులో ఏదో ఉందని తెలిసిపోతుంది. లీటరు డీజిల్‌లో ఉన్న వేడి మొత్తాన్ని కరెంటు లెక్కలో చెబితే సుమారు పది యూనిట్లు. ఈ సైజు సెట్టు మంచి లోడు మీద అందులో సుమారు మూడో వంతు కరెంటుగా ఇస్తుంది, అంటే మూడు నుంచి మూడున్నర యూనిట్లు. 1.1 వచ్చిందంటే ఇంజను నల్లపొగ కక్కుతూ ఉండాలి. మా సైలెన్సర్ చూస్తే శుభ్రంగా ఉంది. (ఇటువైపు ఎవరైనా "మాది లీటరుకు అయిదు యూనిట్లు" అన్నా అంతే, ఈ సైజులో అది కుదిరే పని కాదు.)

క్లాంప్ మీటరు పెట్టి చూస్తే మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు సమానంగానే ఉన్నాయి. 15.5 యూనిట్లు రావలసిన చోట సరిగ్గా మూడో వంతు వచ్చింది. ఒక సీటీని తిరగేసి బిగించారు. రెండు ఫేజులు కలుపుతుంటే మూడోది తీసేస్తోంది, చివరికి మిగిలేది ఒక ఫేజు లెక్కే. సీటీ మీద బాణం గుర్తు సరిచూసి తిప్పి పెట్టించాక, అదే లోడుకి అరగంటకి 15.5 వచ్చింది. లీటరుకు 3.33 యూనిట్లు.

మార్చి నెలాఖరు: లోడు తగ్గితే ఏమవుతుంది

మొత్తం లోడు మీద ఒక్క అంకె తీసుకుని ఊరుకుంటే పని అయిపోయేది. కానీ కరెంటు పోయిన ప్రతిసారీ అయిదు చెరువులూ తిరగవు. పగలు ఎండలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, రెండు చెరువులు తిప్పితే చాలు. పట్టుబడి దగ్గరపడ్డాక ఒకటీ రెండూ చెరువులే మిగులుతాయి. అందుకని లోడు మార్చి మార్చి తూచాం.

అయిదు చెరువులు, 31 కిలోవాట్లు: గంటకు 9.32 లీటర్లు. రెండు చెరువులు, 12.4 కిలోవాట్లు: అరగంటకు 2.05 కిలోలు, అంటే గంటకు 4.94 లీటర్లు. ఒక్క చెరువు, గట్టు లైట్లు కలిపి 6.5 కిలోవాట్లు: గంటకు 3.53 లీటర్లు.

గ్రాఫు కాగితం మీద అడుగున లోడు, పక్కన లీటర్లు వేసి చుక్కలు పెడితే మూడూ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీతని వెనక్కి పొడిగిస్తే సున్నా లోడు దగ్గర గంటకు రెండు లీటర్ల మీద తగులుతుంది. లోడు మొత్తం తీసేసి కాసేపు ఊరికే తిప్పి తూచాను, అటూ ఇటూగా అంతే వచ్చింది.

```
L = 2.0 + 0.236 × P
```

ఇక్కడ L గంటకు లీటర్లు, P కిలోవాట్ల లోడు. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా ఉపయోగపడింది ఈ ఒక్క గీతే. సెట్టు తిరుగుతున్నందుకు గంటకు రెండు లీటర్లు, కరెంటు ఇచ్చినా ఇవ్వకపోయినా పోతుంది. ఇంజను తన రాపిడినీ, ఫ్యానునూ, పంపులనూ తిప్పుకోవడానికి అయ్యే ఖర్చు అది. ఆ పైన ఒక్కో యూనిట్‌కు పావు లీటరు కన్నా కొంచెం తక్కువ.

డీజిల్‌ని క్యాన్లలో గట్టు దాకా తెచ్చే ఆటో కూలితో కలిపి లీటరు 98 అని పెట్టుకున్నాను. అప్పుడు అయిదు చెరువులు తిరిగేటప్పుడు యూనిట్‌కి డీజిల్ 29 రూపాయల 46 పైసలు. రెండు చెరువులకి 39 రూపాయల 4 పైసలు. ఒక్క చెరువుకైతే 53 దాటుతుంది. సెట్టు అదే, డీజిల్ అదే, కూర్చున్న మనిషీ అతనే. నాన్న చెప్పిన 25 ఎక్కడిదా అని చూస్తే, తిరుగుతున్న సెట్టు మీద అదనంగా ఒక యూనిట్ తీసుకుంటే పడేది 23 రూపాయల 13 పైసలు. ఆయన అంచనా దానికి దగ్గర. డీజిల్ కుర్రాడి 40 రెండు చెరువుల లెక్కకు దగ్గర. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, వేర్వేరు లోడుల సంగతి చెప్పారు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా తక్కువ లోడు సెట్టుకి మంచిది కాదు. ముప్పై శాతం లోపు ఎక్కువసేపు తిప్పితే సిలిండర్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు. ఎగ్జాస్ట్ పైపు జాయింటు దగ్గర నల్లగా, జిడ్డుగా, తడిగా కారుతుంది. వేలు పెట్టి చూస్తే తారులా అంటుకుంటుంది. అది కనబడితే ఏదో ఒక రోజు గంటసేపు నిండు లోడు మీద తిప్పి కాల్చేయాలి. అందుకే మా నైట్ మనిషికి చెప్పిన నియమం: సెట్టు వేశాక ఒకటే చెరువు కాకుండా కనీసం మూడు చెరువులు తిప్పు. ఆ అదనపు యూనిట్లు 23 చొప్పునే పడతాయి, నీళ్లకూ మంచిదే.

ఏప్రిల్: జీతం మీద తగాదా

తగాదా అంటే పెద్దదేం కాదు, టీ తాగుతూ మాట్లాడుకున్నదే. కానీ లెక్కలో దీనికి చాలా బరువు ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

రాత్రిపూట గట్టు మీద ఉండే మనిషికి నెలకు 14,000 ఇస్తున్నాం. కరెంటు పోగానే సెట్టు వేసి, ఏరేటర్లు ఒక్కోటీ ఒక్కోటీ ఆన్ చేస్తాడు. అన్నీ ఒకేసారి వేస్తే స్టార్టింగు కరెంటుకి వోల్టేజి కూలిపోయి కాంటాక్టర్లు టకటకా కొట్టుకుంటాయి. డీజిల్, నీళ్లు, బ్యాటరీ చూసుకుంటాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ రీడింగు తీస్తాడు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు చూస్తాడు.

బాబాయి మాట: "వాడికి జీతం ఎలాగూ ఇస్తున్నారుగా, జనరేటర్ ఉన్నా లేకపోయినా. దాన్ని కరెంటు మీద ఎందుకు రుద్దుతావు?"

నాన్న మాట: "సెట్టు కొనకముందు రాత్రి మనిషే లేడు. వాణ్ని పెట్టుకుందే దీనికోసం. మొత్తం దీని మీదే వెయ్యాలి."

నేను వేరేలా అడిగాను. రేపు సెట్టు అమ్మేస్తే ఈ మనిషిని మానిపిస్తామా? మానిపించం, రాత్రి కాపలాకీ, ఆక్సిజన్ చూడటానికీ ఒకరు కావాలి. కానీ అప్పుడు ఇంత జీతానికి, సెట్టు పని తెలిసినవాడే కావాలని పట్టుబట్టం. ఏడు వేలకు మామూలు కాపలా మనిషి దొరుకుతాడు. కాబట్టి సెట్టు వల్ల మన మీద పడుతున్నది మిగతా ఏడు వేలు. నాలుగు నెలల పంటకి 28,000. ఇద్దరూ కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

ఇందులో అసలు విషయం ఏంటంటే ఈ 28,000 గంటలతో సంబంధం లేకుండా పడుతుంది. సెట్టు పంట మొత్తంలో పది గంటలు తిరిగినా, రెండు వందల గంటలు తిరిగినా ఆ మనిషి అక్కడే పడుకోవాలి. అతన్ని పెట్టుకున్నది కరెంటు పోయే ఆ ఒక్క క్షణం కోసం.

మే: తరుగుదల ఎలా వెయ్యాలి

ఆడిటర్ గారు యంత్రాలకు ఏటా 15 శాతం తరుగు వేస్తారు, అదీ మిగిలిన విలువ మీద. మొదటి ఏడు 1,08,000, రెండో ఏడు 91,800, అలా తగ్గుతూ పోతుంది. అది ఇన్‌కంటాక్స్ కోసం పెట్టిన పద్ధతి. దాన్ని యూనిట్ ఖర్చులోకి తెస్తే, ఏ మార్పూ లేని సెట్టు మొదటి ఏడు ఖరీదైన కరెంటు ఇచ్చినట్టూ, అయిదో ఏడు చవక కరెంటు ఇచ్చినట్టూ కనిపిస్తుంది. బాబాయితో లెక్కకు అది పనికిరాదు.

మెకానిక్ గంటల లెక్క చెప్పాడు. పెద్ద రిపేరు రాకముందు ఇంజను 15,000 గంటలు పని చేస్తుందనుకుందాం. చివర్లో పాత ఇనుము, ఆల్టర్నేటర్ కలిపి 1,20,000 వస్తాయనుకుంటే, పోయేది 6,00,000. గంటకు 40 రూపాయలు. 31 కిలోవాట్ల మీద యూనిట్‌కి రూపాయి ముప్పై పైసలు. వినడానికి హాయిగా ఉంటుంది.

కానీ మా సెట్టు 15,000 గంటలు తిరగాలంటే, ఇప్పుడు తిరుగుతున్న వేగానికి యాభై ఏళ్లు పైనే పడుతుంది. అన్నేళ్లు ఉండేది ఏదీ లేదు ఈ గట్టు మీద. ఉప్పుగాలికి కానోపీ మడతలు ఇప్పుడే తుప్పు పొక్కులు ఎత్తాయి. ప్యానల్‌లో టెర్మినళ్లు పచ్చగా చిలుం పడుతున్నాయి, రేడియేటర్ రెక్కలు వేలితో నొక్కితే విరుగుతున్నాయి. గంటలు అరిగి కాదు, గాలికి పోతుంది ఈ సెట్టు. పదేళ్లు వస్తే గొప్ప. అందుకని ఏడాదికి 60,000, పంటకి 30,000 అని పెట్టాను.

రెండు పద్ధతుల్లో ఏది వాడాలో ఒక చిన్న పరీక్ష ఉంది: ఏ ఆయుష్షు ముందు అయిపోతుందో దానితో భాగించు. రోజంతా తిరిగే ఐస్ ఫ్యాక్టరీ సెట్టుకి గంటలు ముందు అయిపోతాయి, అక్కడ గంటల లెక్కే న్యాయం. మాలాంటి స్టాండ్‌బై సెట్టుకి ఏళ్లు ముందు అయిపోతాయి.

సర్వీసు, ఆయిలు, ఫిల్టర్లు, మూడేళ్లకోసారి బ్యాటరీ కలిపి ఏడాదికి 15,000 చొప్పున, పంటకి 7,500. సెట్టు తిరగకపోయినా ఆయిలు ఏడాదికోసారి మార్చాల్సిందే కాబట్టి ఇదీ చాలావరకు గంటలతో సంబంధం లేని ఖర్చే. పెట్టుబడి మీద వడ్డీ ఈ లెక్కలో వెయ్యలేదు. సొంత డబ్బు, దాన్ని బాబాయి మీద వెయ్యడం బాగోదని నాన్న అన్నారు. కొన్న ధరకీ చివర్లో వచ్చేదానికీ సగటు 4,20,000 మీద పది శాతం వేసుకుంటే యూనిట్‌కి ఇంకో అయిదున్నర కలుస్తుంది.

జూన్: పట్టుబడి అయ్యాక మొత్తం

సెట్టు 150 గంటలు తిరిగింది. అందులో అయిదు చెరువుల మీద 110 గంటలు, రెండు చెరువుల మీద 30, ఆఖరి చెరువు ఒక్కటే మిగిలిన రోజుల్లో 10. మీటరు మీద 3,847 యూనిట్లు. గీత ప్రకారం డీజిల్ 1,208 లీటర్లు రావాలి, బంకు బిల్లులు కలిపితే 1,250. నలభై లీటర్ల తేడాలో వారం వారం ఊరికే స్టార్ట్ చేసి చూసింది కొంత, క్యాన్ నుంచి పోసేటప్పుడు ఒలికింది కొంత. ట్రాక్టరు వాడు "రేపు పోస్తానండి" అని తీసుకెళ్లింది మిగతాది. మూడు శాతం తేడా పర్వాలేదు. పది శాతం దాటితే మాత్రం ఇంజను కన్నా ముందు మనుషుల్ని చూడాలి. ఖర్చులోకి బిల్లుల అంకెనే తీసుకున్నాను, డబ్బు కట్టింది దానికే కదా.

| ఖర్చు | పంటకి రూ. | యూనిట్‌కి రూ. |
|---|---|---|
| డీజిల్ | 1,22,500 | 31.84 |
| జీతంలో వాటా | 28,000 | 7.28 |
| సర్వీసు, ఆయిలు, బ్యాటరీ | 7,500 | 1.95 |
| తరుగుదల | 30,000 | 7.80 |
| మొత్తం | 1,88,000 | 48.87 |

అంటే 49 రూపాయలు. బాబాయికి చెప్పాల్సిన అంకె వచ్చేసినట్టే. కానీ చెప్పేముందు ఇంకో లెక్క వేసి చూశాను. వానాకాలం తర్వాతి పంటకి కరెంటు కోతలు తక్కువ. అరవై గంటలే తిరిగిందనుకుందాం, సుమారు 1,560 యూనిట్లు. డీజిల్ యూనిట్‌కి ఇంచుమించు అదే 32. మిగతా మూడు పద్దులు కలిపి 65,500 మాత్రం తగ్గవు, వాటిని 1,560తో భాగిస్తే 42. మొత్తం 74!

కరెంటు బాగా ఇచ్చిన పంటకి మా జనరేటర్ కరెంటు రేటు సగానికి సగం పెరుగుతుందన్నమాట. 49 అని చెప్పి బాబాయి దగ్గర తీసుకుంటే ఆ పంటలో మేం నష్టపోతాం. 74 అని చెబితే, వేసవిలో కోతలు ఎక్కువున్నప్పుడు ఆయన మా సెట్టు ఖరీదు కూడా కట్టేస్తాడు. ఏ ఒక్క అంకె చెప్పినా ఎవరో ఒకరికి అన్యాయం. బాబాయి అడిగిన "యూనిట్‌కి ఎంత" అనే ప్రశ్నకే అంకె లేదని అప్పుడు తేలింది.

జూలై: ఒప్పందం

మొదట బాబాయి 23 దగ్గర పట్టుబట్టాడు. "మీ సెట్టు ఎలాగూ తిరుగుతోంది, నా రెండు చెరువులకు అదనంగా పడేది అంతేనని నీ గీతే చెబుతోందిగా!" గీత గురించి ఆయనకు నేనే చెప్పాను మరి. ఆయన అన్నది అబద్ధం కాదు. కానీ ఆ రెండు లీటర్ల ఊరికే తిరిగే ఖర్చు మేమొక్కళ్లమే ఎందుకు మొయ్యాలి? ఇద్దరి చెరువులూ ఆ ఇంజను వల్లే బతుకుతున్నాయి.

చివరికి రెండు ముక్కలు చేశాం. డీజిల్ మొత్తం, ఆ రెండు లీటర్లతో సహా, నెలవారీ బిల్లుల్ని ఇద్దరి మీటర్ల యూనిట్ల ప్రకారం పంచుకోవడం. జీతం, సర్వీసు, తరుగుదల కలిపిన 65,500 మాత్రం యూనిట్లతో పని లేకుండా ఎకరాల ప్రకారం పంట పంటకీ పంచుకోవడం. ఏడు ఎకరాలకి ఎకరానికి 9,357, బాబాయి వాటా 18,714. కోతలు ఉన్నా లేకపోయినా ఇది ఇవ్వాలి. కరెంటు పోతే సెట్టు ఉందన్న ధీమాకి ఆ డబ్బు. కరెంటు అమ్ముకోవడం వేరే చట్టాల గొడవ కాబట్టి, కాగితం మీద ఉమ్మడి సెట్టు ఖర్చులు పంచుకుంటున్నట్టే రాసుకున్నాం.

దీనివల్ల మాకూ లాభమే. ఏడు చెరువులు కలిస్తే లోడు 43.4 కిలోవాట్లు, గీత ప్రకారం గంటకు 12.24 లీటర్లు. యూనిట్‌కి డీజిల్ 29.46 నుంచి 27.64కి దిగుతుంది. 65,500లో మా వాటా 46,786 అవుతుంది. ముందు ముందు ఇంకో చెరువు వేస్తే దాన్నీ కలపమన్నాడు బాబాయి గానీ ఒప్పుకోలేదు. ఎనిమిది చెరువులంటే 49.6, యాభై కిలోవాట్ల సెట్టు మీద మోటార్లు స్టార్ట్ అవడానికి జాగా మిగలదు.

ఆయన వైపు ఛేంజోవర్ స్విచ్ పెట్టించాకే లైను కలిపాం. అది లేకపోతే మన జనరేటర్ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు తగులుతుంది. దీని దగ్గర పొదుపు చూడకూడదు.

ఆగస్టు: బాబాయి లైను

కొత్త పంట మొదలయ్యాక ఏడు చెరువుల మీద ఒకసారి కాటా పెట్టి తూచాం. గంటకు పన్నెండున్నర లీటర్ల లోపే వచ్చింది, గీత చెప్పినదానికి దగ్గరే.

కొత్త పేచీ ఒకటి వచ్చింది. బాబాయి చివరి చెరువు దగ్గర వోల్టేజి చూస్తే సెట్టు దగ్గర 415 ఉన్నది అక్కడ 395 చూపిస్తోంది. షెడ్డు నుంచి 350 మీటర్లు, వాడింది 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్. ఆయన లోడుకి ఫేజుకి 21, 22 ఆంపియర్లు పోతాయి. ఒక్కో తీగ నిరోధం సుమారు 0.67 ఓమ్. మూడు తీగల్లో కలిపి వేడి రూపంలో పోయేది దాదాపు 0.94 కిలోవాట్, అంటే ఆయన తీసుకునే దాంట్లో ఏడున్నర శాతం. మీటరు షెడ్డులో ఉంది కాబట్టి ఆ పోయేది ఆయన ఖాతాలోనే పడుతోంది. "మీటరు నా చెరువు దగ్గర పెట్టండిరా" అంటున్నాడు. అక్కడ పెడితే అదే నష్టం మా ఖాతాకి వస్తుంది, కేబుల్ ఆయనది.

35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే నష్టం సగానికి పైగా తగ్గుతుంది, అర కిలోవాట్ మిగులుతుంది. 150 గంటలు తిరిగే పంటలో అది 77 యూనిట్లు, అదనపు యూనిట్‌కి 23 చొప్పున 1,780 రూపాయలు. అంతకోసం 350 మీటర్ల కేబుల్ మార్చడం దండగని నా లెక్క. వోల్టేజి అయిదు శాతం లోపే పడుతోంది కాబట్టి మోటార్లకూ ఇబ్బంది లేదు. మీటరు షెడ్డులోనే ఉంచి, కేబుల్ పాడైనప్పుడు లావుది వేసుకుందాం అని చెప్పాను. బాబాయి ఇంకా ఊఁ అనలేదు, ఈ నెల డీజిల్ బిల్లులు చూశాక చెబుతానన్నాడు.